తరుగు

మొన్న ఆమదాలవలసలో మా పాత ఇంటికి సున్నం వేయించాలని అటక మీద సామాను దింపించాం. నాన్న రేకు పెట్టెలో నా సీఏ ఐపీసీసీ పరీక్ష పుస్తకాల కింద ఒక ప్లాస్టిక్ ఫైలు దొరికింది. అందులో సీఏ శిక్షణ మధ్యలో ఆపేయడానికి నింపే ఫారం 109 జిరాక్సు, దాని వెనక పిన్ను కొట్టి, నేను మా సారుకి రాసిన ఉత్తరం కాపీ ఉన్నాయి. తేదీ 2015 జూన్ 8. రెండో పేజీలో ఒక మాట కొట్టేసి, పైన ఆకుపచ్చ సిరాతో ఇంకో మాట రాసి ఉంది. ఆ సిరా సారుది. ఆ రోజుల్లో మా ఆఫీసులో పచ్చ పెన్ను ముట్టుకునే అధికారం ఆయనొక్కడికే. దుమ్ములోనే కూర్చుని ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను.

2014 జులైలో నేను శ్రీకాకుళంలో ఒక ఆడిటరు గారి దగ్గర ఆర్టికల్‌షిప్‌లో, అంటే సీఏ చదివేవాళ్లు చేసే శిక్షణలో, చేరాను. ఐపీసీసీ మొదటి గ్రూపు గట్టెక్కితే చేరనిచ్చేవాళ్లు, అప్పట్లో మూడేళ్లు చేయాలి. ఆఫీసు ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో, మందుల షాపు మీద మేడ. రెండు గదులు, ఒక ఏసీ, గోడ నిండా ఫైళ్లు. మేం నలుగురం ఆర్టికల్స్. నేనొక్కదాన్నే ఆడపిల్లని. మొదటి మూడు నెలలూ వోచర్లకు టిక్కులు పెట్టడమే పని. సారు మాట్లాడేది తక్కువ. తప్పు చేస్తే కోప్పడేవారు కాదు, ఆ కాగితం మన ముందు పెట్టి, "ఇంకోసారి చూడమ్మా" అనేవారు. అంతే, పక్క గదిలోకి వెళ్లిపోయేవారు. తప్పేమిటో చెప్పేవారు కాదు. మనకే దొరకాలి. ఒకసారి గంటన్నర వెతికాను, చివరికి చూస్తే బిల్లు మీద తేదీ ముందటి సంవత్సరానిది.

ఇదంతా పలాస దగ్గర మారింది.

మార్చి 31కి సరుకు లెక్కించడానికి నన్నూ, సీనియర్ ఆర్టికల్ అన్నయ్యనూ కాశీబుగ్గలోని ఒక జీడిపప్పు యూనిట్‌కి పంపారు. పొద్దున్నే శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో పాసింజరు ఎక్కాం. తిలారు, కోటబొమ్మాళి దాటి నౌపడ వచ్చేసరికి కిటికీ అవతల ఉప్పుమళ్లు ఎండకు మెరుస్తున్నాయి. అన్నయ్య దారిపొడుగునా ఒకటే చెప్పాడు: "నిట్టు చుట్టూ తిరిగి లెక్కెట్టకు, పైకెక్కి చూడు. మధ్యలో డొల్ల ఉండొచ్చు."

గోడౌన్లో జీడిపిక్కల బస్తాలు నాలుగు నిట్లుగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ పొడవు ఎనిమిది బస్తాలు, వెడల్పు నాలుగు, ఎత్తు ఐదు. పైకెక్కాను. డొల్ల లేదు. ఒక్కో నిట్టు 160, మొత్తం 640 బస్తాలు. పుస్తకంలోనూ 640. అన్నయ్య సంతకం పెట్టించి బయల్దేరదామన్నాడు. నాకేమో బస్తా అంచు పట్టుకుని దిగుతున్నప్పుడు అది కాస్త వదులుగా అనిపించింది. గోనె మీద ముడతలు పడి ఉన్నాయి. నిండు బస్తా అలా ఉండదు. కాటా తెప్పించమన్నాను. పై వరసల నుంచి కొన్ని, లోపలి వరసల నుంచి కొన్ని, అడుగు నుంచి కొన్ని, మొత్తం ఇరవై బస్తాలు తూయించాం. హమాలీలు విసుక్కున్నారు. ఒక్కటి కూడా 80 కిలోలు లేదు. అటూ ఇటుగా అన్నీ 76.

పుస్తకంలో సరుకు కిలోల్లో ఉంది: 51,200. కాటా ప్రకారం 48,640. తేడా 2,560 కిలోలు. కిలో 100 రూపాయల లెక్కన రెండు లక్షల యాభై ఆరు వేలు. నా గుండె దడదడలాడింది. తప్పు పట్టేశానన్న సంతోషమూ, భయమూ రెండూ కలిసి వచ్చాయి. గోడౌన్ వెనక్కి వెళ్లి సారుకి ఫోన్ చేశాను.

ఆయన మొత్తం విని, "ఆ పిక్కలు ఎప్పుడు కొన్నారమ్మా?" అన్నారు.

చూడలేదు.

"కొన్నప్పుడు తేమ ఎంత రాశారో చూడు. ఇప్పుడెంతుందో కొలిపించు. ఆ రెండూ రాసుకుని వచ్చేయ్. అక్కడెవరితోనూ తేడా అన్న మాట అనకు."

కొనుగోలు రిజిస్టరు తిరగేశాను. ముందటి సీజన్లో, మే నెలలో కొన్నారు. తేమ 13 శాతం అని ఉంది. యూనిట్లో తేమ చూసే చిన్న మీటరుంటే పెట్టించాను. 8.4 చూపించింది. కొన్న తర్వాత కళ్లంలో ఎండబెట్టి, మళ్లీ అవే బస్తాల్లో పోసి కుట్టేశారట. తడిగా నిల్వ చేస్తే బూజు పడుతుంది, పప్పు నల్లబడుతుంది. ఎండబెట్టకుండా ఎవరూ ఏడాది దాచరు.

మర్నాడు ఆఫీసులో సారు పాత కరెంటు బిల్లు వెనక రాసి చూపించారు. 80 కిలోల్లో 13 శాతం నీళ్లు. అంటే పొడి సరుకు 69.6 కిలోలు. అది ఎండలో ఎక్కడికీ పోదు, పోయేది నీళ్లే. ఇప్పుడు తేమ 8.4, అంటే ఆ 69.6 కిలోలు మొత్తంలో 91.6 శాతం. 69.6ని 0.916తో భాగించమన్నారు. క్యాలిక్యులేటర్ 75.98 చూపించింది.

కాటా 76 చూపించింది కదా. నా ఒళ్లు జలదరించింది. ఒక్క పిక్క కూడా పోలేదు.

"మరి డబ్బు?" అన్నాను. 2,560 కిలోలు పుస్తకంలోంచి తీసేస్తే రెండున్నర లక్షలు తగ్గించాలి కదా అని నా అనుమానం. సారు నన్నే అడిగారు: బస్తాకి ఎంత పెట్టారు? ఎనిమిది వేలు. ఆ ఎనిమిది వేలు తిరిగొచ్చాయా? రాలేదు. మరి ఆ ఎనిమిది వేలూ ఇప్పుడెక్కడున్నాయి? ఆ 76 కిలోల్లోనే. అంటే కిలో 100 కాదు, 105 రూపాయల 26 పైసలు. బరువు తగ్గితే విలువ తగ్గలేదు, మిగిలిన కిలో ధర పెరిగింది. మామూలుగా జరిగే తరుగు మిగిలిన సరుకే మోస్తుంది. దొంగతనమో, నిప్పంటుకోవడమో జరిగితే ఆ లెక్క వేరు, అది నష్టంగా విడిగా రాయాలి. పుస్తకంలో కిలోలు దిద్దించాం. రూపాయలు 51,20,000 అలాగే ఉన్నాయి.

ఆడిట్ వరకు ఆ పని అయిపోయింది. నాకు మాత్రం కాలేదు. ఆ 105.26 నన్ను వదల్లేదు. ఇక్కడ మొదలైన ఖర్చు, పప్పు డబ్బాలో పడేసరికి ఎంతవుతుంది?

ఏప్రిల్‌లో మిగతా వోచర్ల కోసం అదే యూనిట్‌కి ఆరుసార్లు వెళ్లాను. మధ్యాహ్నం అన్నాలప్పుడు లోపలికి పోయి చూసేదాన్ని. పిక్కల్ని ఆవిరి మీద ఉడికించి, ఒక పూట ఆరనిచ్చి, కాలితో తొక్కే కత్తెర దగ్గర ఒక్కొక్కటే కోస్తారు. జీడి నూనె తగిలితే చర్మం పొక్కుతుంది కాబట్టి అరచేతులకు బూడిద రాసుకుంటారు. అయినా వేళ్ల చివరలు నల్లగా ఉంటాయి. కోసిన పప్పుని బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టి, పొట్టు తీసే గదికి పంపుతారు. ఆ గదిలో ఫ్యాను వేయరు, పొట్టు ఎగురుతుందని. అక్కడ ఒక పెద్దమ్మ ఉండేది. పప్పుని రెండు వేళ్ల మధ్య ఇలా తిప్పితే పొట్టు ఊడి పడేది, పప్పు విరిగేది కాదు. పక్కనున్న కొత్త పిల్ల చేతిలో నాలుగింటికొకటి బద్దలయ్యేది. "ఆరడం సరిపోకపోతే పొట్టు అతుక్కుంటాదమ్మా, గీరితే ఇరిగిపోద్ది. ఎక్కువారితే ముట్టుకుంటేనే ఇరుగుద్ది" అంది. నేను నోటుబుక్కు తీసి రాసుకున్నాను. ఆమె నవ్వింది: "మా మాటలు కూడా రాస్తారేటమ్మా ఆడిట్ లో?"

యజమాని ఒకరోజు టీ తాగుతూ, "ముక్క మీద మాకు కిలోకి యాభై, అరవై పోతందమ్మా, విరగని పప్పు మీదే బతుకుతున్నాం" అన్నారు. ఎలా చెప్పగలిగారని అడిగితే ఒక కాగితం చూపించారు. ఒక బస్తా మీద పిక్కలకు 8,000, కూలి, కట్టెలు, మిగతావి 1,600, మొత్తం 9,600. వచ్చే పప్పు 21 కిలోలు. భాగిస్తే కిలో 457. ముక్క అమ్మేది 400కి. కాబట్టి 57 నష్టం.

ఆ లెక్క చూడ్డానికి బాగుంది. ఆ రాత్రి ఇంట్లో నాకు నిద్ర పట్టలేదు. ముక్కని ఎవరూ విడిగా తయారు చేయరు. పిక్క కోస్తే పప్పూ వస్తుంది, ముక్కా వస్తుంది, ఒకటి మాని ఒకటి చేయడం కుదరదు. అలాంటప్పుడు రెంటి మీదా ఒకే 457 వేయడం న్యాయమా? కాస్టింగ్ పుస్తకంలో పరీక్ష కోసం బట్టీ పట్టిన పేజీ గుర్తొచ్చింది: కలిసి పుట్టిన సరుకులకు ఖర్చుని వాటి అమ్మకపు విలువల నిష్పత్తిలో పంచాలి. లేచి లైటు వేసుకున్నాను. విరగని పప్పు 14 కిలోలు 540 చొప్పున 7,560. బద్దలు, ముక్కలు 7 కిలోలు సగటున 400 చొప్పున 2,800. మొత్తం 10,360. ఖర్చు 9,600ని ఆ లెక్కన పంచితే విరగని పప్పు కిలో 500 పడుతుంది, ముక్క 371. రెండూ ఎంతో కొంత మిగులుస్తున్నాయి. ముక్క మీద నష్టం రావడం లేదు. అసలు పోతున్నది వేరేచోట: విరగకుండా ఉండాల్సిన ఒక కిలో ముక్కల్లోకి జారితే 140 రూపాయలు పోతున్నాయి. అంటే ఆ పెద్దమ్మ రెండు వేళ్లకీ, బోర్మా వేడికీ విలువ కట్టొచ్చు.

తెల్లవారుజామున మా అమ్మ లేచి, "ఏటే, ఇంకా పడుకోలేదా?" అంది. అప్పటికే నాకు తెలిసిపోయింది, నేను ఆడిటర్ని కాలేనని. ఏడాది అయిపోయాక వచ్చి, రాసినవి సరిగా రాశారా అని చూసే పని గొప్పదే. నేను మాత్రం గోడౌన్‌కీ, బోర్మాకీ మధ్యలో నిలబడాలనుకున్నాను. సీఎంఏ, అంటే కాస్ట్ అకౌంటెంట్ కోర్సు, చేయాలి. మా వాళ్లు అప్పటికీ ఐసీడబ్ల్యూఏ అనే అనేవారు.

చెప్పడమే కష్టమైంది. అప్పట్లో ఏడాది నిండకముందు అయితే ఇద్దరి సంతకాలతో ఆర్టికల్‌షిప్ ముగించుకోనిచ్చేవాళ్లు. ఏడాది దాటితే ప్రత్యేకమైన కారణాలు చూపించాల్సి వచ్చేది. నాకు జులై గండం. పైగా జులై నుంచి ట్యాక్స్ ఆడిట్ల పని ముంచుకొస్తుంది, అప్పుడు చేయి వదిలేస్తే అంతకంటే ద్రోహం లేదు. జూన్ మొదట్లోనే చెప్పాలి. తోటివాళ్లు తలో సలహా ఇచ్చారు. నాన్నకి ఒంట్లో బాగోలేదని రాయమన్నారొకరు. పెళ్లి కుదిరిందని రాయి, ఎవరూ ఎదురడగరన్నారు ఇంకొకరు. సీనియర్ అన్నయ్య ఎవరిదో రాజీనామా లేఖ ఇచ్చాడు, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు, 'వ్యక్తిగత కారణాల వల్ల' అని. పేరూ తేదీ మార్చి అచ్చుకొట్టించాను కూడా. కవరులో పెట్టి రెండు రోజులు బ్యాగులో మోశాను. ఇవ్వలేకపోయాను. బిల్లు మీద తేదీ తప్పుంటే గంటన్నర కూర్చోబెట్టిన మనిషికి కారణం లేని కాగితం ఎలా ఇస్తాను? దాన్ని చింపేసి తెలుగులో రాశాను. మూడు పేజీలైంది.

ఉత్తరం మొదట్లోనే విషయం చెప్పేశాను. పొగడ్తలయ్యాక చివర్లో చెబితే, ఆ పొగడ్తలన్నీ దీనికోసమేనా అనిపిస్తుందని భయం. కాపీలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను:

"గౌరవనీయులైన సారుకి, నమస్కారాలు. ఈ నెల 30తో ఆర్టికల్‌షిప్ ఆపేయాలని నిర్ణయించుకున్నాను. సీఎంఏ చదువుతాను. ఇది ఇంట్లో ఒత్తిడి వల్ల కాదు, ఆఫీసులో ఏ ఇబ్బందీ వల్ల కాదు. మీరు నేర్పిన ఒక లెక్క వల్ల."

తర్వాత కారణం రాశాను. పలాస గోడౌన్, కరెంటు బిల్లు వెనక సారు చేసిన భాగహారం, ముక్కల కాగితం, పూర్తి అంకెలతో. అందులోనే ఈ వాక్యం: "బస్తాకి నాలుగు కిలోల నష్టం ఎక్కడికి పోయిందో మీరు చూపించిన రోజు నుంచి నాకు ఇంకో పని మీద మనసు నిలవడం లేదు."

కృతజ్ఞతల దగ్గర చాలాసేపు ఆగాను. మీ రుణం తీర్చుకోలేను అని రాసి కొట్టేశాను. అది ఎవరికైనా రాయొచ్చు. చివరికి ఇలా రాశాను: "తేడా కనబడగానే తేడా అన్న మాట అనకు అని ఆ రోజు ఫోన్లో చెప్పారు. ఆ ఒక్క మాట చెప్పకపోయి ఉంటే గోడౌన్ గుమస్తా మీద ఆ సాయంత్రమే దొంగతనం ముద్ర పడేది. ఆయనకి ఇద్దరు పిల్లలు. ఆ మాట నాతో ఉంటుంది."

మూడో పేజీ మొత్తం అప్పగింతలు. ఏ ఫైలు ఎంతవరకు వచ్చింది, ఎవరెవరి నుంచి బ్యాలెన్సు ధ్రువీకరణలు రావాలి, ఏ అలమరాలో ఏముంది. ఒక రైసు మిల్లు బ్యాంకు సమన్వయంలో 1,150 రూపాయలు కలవడం లేదని, దాన్ని దాచకుండా రాశాను.

ఎనిమిదో తారీకు సాయంత్రం అందరూ వెళ్లాక సారు బల్ల మీద పెట్టి నిలబడ్డాను. "కూర్చోమ్మా" అన్నారు. కళ్లజోడు తుడుచుకుని చదవడం మొదలుపెట్టారు. నేను ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాను. రెండో పేజీ దగ్గర చేయి జేబులోకి వెళ్లింది. పచ్చ పెన్ను బయటికొచ్చింది. 'నష్టం' అన్న మాట కొట్టేసి, పైన 'తరుగు' అని రాశారు. ఆ పక్కన చిన్న టిక్కు. ఇంకేం మాట్లాడకుండా మూడో పేజీ తిప్పారు.

మొత్తం అయ్యాక, "నాకిష్టం లేదు" అన్నారు. నా గొంతు ఎండిపోయింది. "మంచి ఆడిటర్‌వి అయ్యేదానివి. కానీ నువ్వు రాసింది అబద్ధం కాదు. ఫారం తీసుకురా, సంతకం పెడతాను." ఉత్తరం జిరాక్సు తీయించి ఒకటి నాకిచ్చి, అసలుది ఆయన సొరుగులో పెట్టుకున్నారు. "ఆ 1,150 చూసి వెళ్లు" అన్నారు.

అది దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. జమ అయ్యిందనుకున్న చెక్కు తిరిగొచ్చింది, బ్యాంకువాళ్లు పాస్‌బుక్కులో ఎక్కించారు, మిల్లువాళ్లు తమ పుస్తకంలో తిరగరాయలేదు. చెక్కు 1,000, వాపసు చార్జీలు 150. జూన్ 30న కలిపిన కాగితం ఫైలులో పెట్టి, తాళాలు కొత్తగా చేరిన అబ్బాయికిచ్చి వచ్చేశాను. ఆ సాయంత్రం నాగావళి వంతెన మీద ఆటో దిగి కాసేపు నడిచాను. ఏట్లో నీళ్లు తక్కువగా ఉన్నాయి.

సీఎంఏ పూర్తవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. సొంతంగా చేసిన మొదటి కాస్టు షీటు ఒక చిన్న జీడిపప్పు యూనిట్‌ది, ఉద్దానం వైపు. ధరలు మారాయి గానీ పంపకం మాత్రం ఆ రాత్రి అమ్మ లేచి చూసిన లెక్కే. పూర్తయ్యాక ఒక కాపీ సారుకి పోస్టులో పంపాను. అప్పటికి ఆయన పని తగ్గించేసి ఇంటి దగ్గరే ఉంటున్నారు. వారం తర్వాత ఫోన్ వచ్చింది. బాగోగులు అడిగారు, అమ్మా నాన్నల గురించి అడిగారు. షీటు గురించి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేకపోయాను. పెట్టేయబోతూ అన్నారు:

"పిక్కలో డెబ్బై శాతం తొక్కే కదమ్మా. నూనె మిల్లువాళ్లు కొంటారు. ఆ డబ్బులు ఖర్చులోంచి ఎక్కడ తీసేశావు?"

షీటు తీసి చూశాను. తీసేయలేదు.

"ఇంకోసారి చూడమ్మా" అన్నారు.